‘6/12’ అంటే ఆరేళ్లు కాదు: తిరస్కరించిన ఆరోగ్య బీమా క్లెయిమ్, దాని మీద రాసే ఉత్తరం

కోనసీమ ఊళ్లలో రాత్రిపూట ఎవరికైనా గుండెల్లో నొప్పి వస్తే ముందు అమలాపురం పరిగెడతారు. అక్కడ ఈసీజీ తీసి, కాకినాడకో రాజమండ్రికో తీసుకెళ్లమంటారు. కారు వెనక సీట్లో మనిషిని పడుకోబెట్టుకుని వెళ్లే ఆ దారిలో పాలసీ షరతులు ఎవరికి గుర్తుంటాయి? ఆస్పత్రి చేరాక డ్యూటీ డాక్టర్ అడుగుతారు: "షుగర్ ఉందా? బీపీ ఉందా? ఎప్పటి నుంచి?" పక్కనున్న కొడుకో బావమరిదో తెలిసింది చెబుతారు. డాక్టర్ కాగితం మీద ఒక అంకె వేసుకుంటారు. రెండు నెలల తర్వాత క్లెయిమ్ ఆగిపోయేది చాలాసార్లు ఆ అంకె దగ్గరే.

క్లెయిమ్ తిరస్కరించారని తెలిశాక కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి, అంటే ఫిర్యాదులు చూసే అధికారికి, రాసే ఉత్తరం గురించి ఈ వ్యాసం. తిరస్కరణలు చాలా రకాలు. ఇక్కడ ఒక్క రకమే తీసుకుంటున్నాను: "మీకు ముందు నుంచే జబ్బు ఉంది, పాలసీ తీసుకున్నప్పుడు దాచారు" అనే కారణం. ఇందులో వాదన అంతా తేదీల మీద నడుస్తుంది. ఆ తేదీలు ఆస్పత్రి కాగితాల్లోనే ఉంటాయి.

అంబాజీపేట కొబ్బరి వ్యాపారి ఉదాహరణ

అర్థం కావడానికి ఒక ఉదాహరణ పెట్టుకుందాం. అంబాజీపేట దగ్గర కొబ్బరికాయల వ్యాపారం చేసే 56 ఏళ్ల మనిషి. 2022 జూలై 9న ఐదు లక్షల ఆరోగ్య బీమా పాలసీ తీసుకున్నారు. ఏటా గడువు దాటకుండా రెన్యువల్ చేయించారు, బీమా మొత్తాన్ని పెంచలేదు. 2024 మే 11న నీరసంగా ఉందని అమలాపురంలో ఒక ఫిజీషియన్ దగ్గరికి వెళితే బీపీ 158/96 ఉంది. టెల్మిసార్టాన్ 40 రోజూ ఒకటి వేసుకోమన్నారు.

2024 నవంబర్ 17 తెల్లవారుజామున గుండెపోటు వచ్చింది. కాకినాడలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఒక స్టెంట్ వేశారు. బిల్లు 2,31,640 రూపాయలు. క్యాష్‌లెస్ కుదరలేదు. ఇంట్లో బంగారం బ్యాంకులో పెట్టి కట్టి, తర్వాత క్లెయిమ్ పెట్టారు. 2025 జనవరి 14న తిరస్కరణ లేఖ వచ్చింది. అందులో సారం ఇది: "డిశ్చార్జ్ సమ్మరీ ప్రకారం పేషెంట్‌కి ఆరేళ్లుగా బీపీ ఉంది. ప్రపోజల్ ఫారంలో ఈ విషయం చెప్పలేదు. కాబట్టి ముందు నుంచి ఉన్న జబ్బు, ముఖ్య విషయం దాచడం అనే క్లాజుల కింద క్లెయిమ్ చెల్లదు."

ఇలాంటి లేఖ అందుకున్న ఇంట్లో మొదట వచ్చేది కోపం. దొంగతనం అంటగట్టినట్టు ఉంటుంది. కానీ లేఖను నెమ్మదిగా చదివితే అందులో రెండు వేర్వేరు మాటలు కలిసిపోయి ఉన్నాయని కనిపిస్తుంది.

రెండు క్లాజులు, రెండు వేర్వేరు ప్రశ్నలు

మొదటిది ముందు నుంచి ఉన్న జబ్బుకి సంబంధించిన వెయిటింగ్ పీరియడ్. పాలసీ తీసుకునే నాటికే ఒక జబ్బు ఉంటే, దానికి, దాని వల్ల నేరుగా వచ్చిన ఇబ్బందులకు కొన్నాళ్లపాటు డబ్బు రాదు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో ఈ గడువుకి 36 నెలల పరిమితి పెట్టింది. అంతకు ముందు 48 నెలల దాకా ఉండేది. ఇక్కడ మనిషి దాచాడా లేదా అన్నది ప్రశ్న కాదు. జబ్బు చెప్పినా ఆగాల్సిందే.

రెండోది విషయం దాచడం. పాలసీదారు ముఖ్యమైన విషయం తప్పుగా చెప్పినా, చెప్పకపోయినా పాలసీ చెల్లదని, కట్టిన ప్రీమియం కూడా పోతుందని ఈ క్లాజు చెబుతుంది. మొదటి క్లాజు ఒక క్లెయిమ్‌ని ఆపితే, ఇది పాలసీనే ఎత్తేస్తుంది. అందుకే ఇది పెద్ద ఆరోపణ.

రెండింటికీ పునాది మాత్రం ఒక్కటే: పాలసీ మొదలైన రోజు, 2022 జూలై 9న, ఆయనకి బీపీ ఉందా? పాలసీల్లో ఉండే నిర్వచనం ప్రకారం, ఆ తేదీకి ముందు నిర్ణీత కాలంలో డాక్టర్ నిర్ధారించినదో, డాక్టర్ సలహా ఇచ్చి మందు రాసినదో అయితేనే అది ‘ముందు నుంచి ఉన్న జబ్బు’. కొత్త నిబంధనల్లో ఆ కాలం 36 నెలలు. మన వ్యాపారికి బీపీ బయటపడింది పాలసీ మొదలైన 22 నెలల తర్వాత. అదే నిజమైతే వెయిటింగ్ పీరియడ్ వర్తించదు. దాచడానికి ఆ రోజు విషయమే లేదు.

ఇక్కడ చాలామందికి ఒక సందేహం వస్తుంది. మే నెలలో బీపీ తెలిసింది, జూలైలో రెన్యువల్ చేశారు, అప్పుడు చెప్పాలి కదా? పాలసీ మొత్తం పెంచమని అడగనప్పుడు రెన్యువల్‌లో కంపెనీ ఆరోగ్యాన్ని మళ్లీ కొత్తగా తూచదు. కాబట్టి ఆ ప్రశ్న ఈ కేసులో రాదు. మొత్తం పెంచి ఉంటే, పెరిగిన భాగం వరకు వాదన వేరుగా ఉండేది.

ఆరేళ్లు అనే మాట ఎక్కడ పుట్టింది

డిశ్చార్జ్ సమ్మరీ అనేది ఇంటికి పంపే రోజు టైపు చేసే కాగితం. దాని వెనక కేస్ షీట్ అనే మందపాటి కట్ట ఉంటుంది. కాజువాలిటీలో రాసిన మొదటి పరీక్ష కాగితం, డాక్టర్ల రోజువారీ నోట్స్, నర్సుల చార్టు, ఎకో రిపోర్టు, అన్నీ అందులోనే. పేషెంటు గానీ, ఆయన తరఫు వాళ్లు గానీ రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఈ రికార్డు ఇవ్వాలని వైద్యుల వృత్తి నియమావళి 2002 నుంచి చెబుతోంది. చాలా కుటుంబాల దగ్గర డిశ్చార్జ్ సమ్మరీ, బిల్లులు తప్ప ఇంకేమీ ఉండవు. కంపెనీ పంపిన పరిశోధకుడి దగ్గర మాత్రం మొత్తం కట్ట ఉండొచ్చు. వాదన అక్కడే ఒక వైపు వాలిపోతుంది.

మన ఉదాహరణలో కేస్ షీట్ తెప్పిస్తే మొదటి పేజీలో, తెల్లవారుజామున 3:20కి, డ్యూటీ డాక్టర్ చేతిరాతలో ఇలా ఉంది: ‘హెచ్‌టీఎన్ – 6/12, ఆన్ టెల్మా 40’. హెచ్‌టీఎన్ అంటే బీపీ. ‘6/12’ డాక్టర్ల సంక్షిప్త రాత. ఏడాదికి 12 నెలలు కాబట్టి 6/12 అంటే ఆరు నెలలు. అలాగే వారానికి ఏడు రోజులు కాబట్టి 2/7 అంటే రెండు రోజులు, ఏడాదికి 52 వారాలు కాబట్టి 3/52 అంటే మూడు వారాలు. ఇది తెలియని చేతిలో 6/12 అనేది ‘6’ అయిపోయి, దాని పక్కన ‘ఇయర్స్’ చేరిపోతుంది. వార్డులో అడ్మిషన్ నోట్ రాసిన జూనియర్ ‘6 వై’ అని దించుకున్నారు. డిశ్చార్జ్ సమ్మరీ టైపు చేసినవాళ్లు దాన్ని విప్పి ఆరేళ్లు అన్నారు.

ఈ వరసను చూపించగలగడమే ఉత్తరానికి బలం. మూడు కాగితాల్లో రెండింటిలో ఏళ్లు అని ఉంది కదా అనిపించవచ్చు. కానీ రెండోది మొదటిదాన్ని చూసి రాసింది, మూడోది రెండోదాన్ని చూసి రాసింది. పేషెంటు మాట నేరుగా విని రాసిన కాగితం ఒక్కటే. తొలి కాగితం ఏదో తేల్చేది దాని మీద ఉన్న సమయం.

ఎకో రిపోర్టు కూడా ఇక్కడ మాట్లాడుతుంది. బీపీ ఏళ్ల తరబడి అదుపులో లేకుండా ఉంటే గుండె ఎడమ గది గోడ మందం కావడం మామూలు. రిపోర్టుల్లో దాన్ని ఎల్‌వీహెచ్ అంటారు. "ఆరు నెలల బీపీకి గోడ ఇంత మందం కాదు" అని కంపెనీ డాక్టర్లు వాదించే సందర్భాలు ఉంటాయి, ఆ వాదన తేలిగ్గా తీసేయదగ్గది కాదు. మన ఉదాహరణలో ఎకోలో ఎల్‌వీహెచ్ లేదని ఉంది. అదొక్కటే ఏమీ నిరూపించదు. మందులతో బాగా అదుపులో ఉన్న బీపీ అయినా అలాగే కనిపించవచ్చు. కానీ ఆరు నెలలన్న మాటకి అది అడ్డు రావడం లేదు, అంతవరకు పనికొస్తుంది.

కంపెనీ వైపు నుంచి చూస్తే

కంపెనీ వాదనలో పస లేదనుకుంటే పొరపాటు. ఆరోగ్యం గురించి పాలసీదారుకి తెలిసినంత కంపెనీకి తెలియదు. అందుకే బీమా ఒప్పందం పూర్తి నమ్మకం మీద నడవాలని చట్టం ఎప్పటి నుంచో అంటోంది. 2009లో సత్వంత్ కౌర్ సంధు కేసులో సుప్రీంకోర్టు కంపెనీ పక్షాన నిలిచింది. షుగర్, కిడ్నీ జబ్బు చెప్పకుండా మెడిక్లెయిమ్ తీసుకోవడం ముఖ్య విషయం దాచడమేనంది. ఇంకో మాట కూడా కంపెనీలు అంటాయి: అర్ధరాత్రి ఆస్పత్రిలో చెప్పిన మాట నిజం, ఎందుకంటే అప్పటికి ఎవరికీ క్లెయిమ్ ధ్యాస లేదు. తిరస్కరణ వచ్చాక తెచ్చిన సర్టిఫికెట్ అవసరం కోసం పుట్టింది. ఆలోచిస్తే ఇది న్యాయమైన మాటే. మన ఉదాహరణలో ఈ సూత్రమే పాలసీదారుకి అనుకూలంగా తిరుగుతుంది. అర్ధరాత్రి రాసిన కాగితంలో ఉన్నది ఆరు నెలలే కదా.

రెండో వైపు, దాచారని అనేవాళ్లే దాన్ని రుజువు చేయాలన్నది వినియోగదారుల కేసుల్లో నిలబడిన సూత్రం. 2011లో పి. వెంకట్ నాయుడు కేసులో, సాక్ష్యం చూపలేకపోయిన బీమా సంస్థ తిరస్కరణను సుప్రీంకోర్టు పక్కన పెట్టింది. అది జీవిత బీమా కేసు, అయినా సూత్రం ఆరోగ్య బీమాలోనూ పలుకుతుంది. డిశ్చార్జ్ సమ్మరీలో ఒక లైను ఉన్నంత మాత్రాన రుజువైనట్టు కాదు. ఆరేళ్ల క్రితం రాసిన మందుల చీటీయో, పాత అడ్మిషనో, ల్యాబ్ రిపోర్టో చూపితే అది రుజువు.

ఉత్తరం ఎలా ఉంటుంది

గ్రీవెన్స్ ఆఫీసర్‌కి వచ్చే ఉత్తరాల్లో చాలావాటిలో ఇరవై ఏళ్ల నుంచి మందు ముట్టలేదని, ఏజెంట్ మోసం చేశాడని, పిల్లల చదువులని, ఆస్పత్రి ఆలస్యమని, అన్నీ ఉంటాయి. బాధ నిజమే. కానీ అవతల కూర్చున్న మనిషి వెతికేది తిరస్కరణ లేఖలోని కారణానికి జవాబు. ఆ జవాబు నాలుగో పేజీలో ఉంటే ఆయన కంటికి అందకపోవచ్చు. అదీకాక, కంపెనీ ఎత్తని విషయాలను మనమే ఎత్తితే కొత్త ప్రశ్నలకు తలుపు తీసినట్టవుతుంది. సౌరాష్ట్ర కెమికల్స్ కేసులో 2019లో సుప్రీంకోర్టు ఒక మాట స్పష్టం చేసింది: తిరస్కరణ లేఖలో చెప్పని కారణాన్ని కంపెనీ తర్వాత వాదనలో ముందుకు తేలేదు. కంపెనీ గీసుకున్న గీత అది. ఉత్తరం కూడా ఆ గీత లోపలే ఉంటే పోరు చిన్నదవుతుంది.

మన వ్యాపారి ఉత్తరంలో అసలు భాగం ఇలా ఉండొచ్చు. మామూలుగా దీన్ని ఇంగ్లీషులో పంపుతారు, పాలసీ వాక్యాలను ఒక్క అక్షరం మార్చకుండా దించుతారు. ఇక్కడ తెలుగులో ఇస్తున్నాను.

> గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,
>
> విషయం: 14-01-2025 నాటి మీ తిరస్కరణ లేఖను పునఃపరిశీలించవలసిందిగా అభ్యర్థన.
>
> 1. మీ లేఖలో చెప్పిన కారణం ఒకటే: నాకు ఆరేళ్లుగా బీపీ ఉందని, దాన్ని ప్రపోజల్ ఫారంలో చెప్పలేదని. దీనికి ఆధారంగా మీరు చూపినది డిశ్చార్జ్ సమ్మరీలోని ఒక వాక్యం.
>
> 2. పాలసీలో ‘ముందు నుంచి ఉన్న జబ్బు’ నిర్వచనం ప్రకారం, పాలసీ మొదలైన తేదీకి ముందు డాక్టర్ నిర్ధారించి ఉండాలి, లేదా డాక్టర్ సలహా, చికిత్స అంది ఉండాలి. నా పాలసీ 09-07-2022న మొదలైంది.
>
> 3. కేస్ షీట్ మొదటి పేజీలో, 17-11-2024 తెల్లవారుజామున 3:20కి, డ్యూటీ డాక్టర్ ‘6/12’ అని, అంటే ఆరు నెలలని నమోదు చేశారు (జతపరచిన కాగితం 1). డిశ్చార్జ్ సమ్మరీలోని ‘ఆరేళ్లు’ దీన్ని తప్పుగా దించుకోవడం వల్ల వచ్చింది. చికిత్స చేసిన కార్డియాలజిస్ట్ ఇదే విషయాన్ని ఐపీ నంబరు వేసి వివరణగా ఇచ్చారు (కాగితం 2).
>
> 4. బీపీ మొదటిసారి బయటపడి, మందు రాసినది 11-05-2024న (కాగితం 3). ఇది పైన చెప్పిన ఆరు నెలలతో సరిపోతుంది.
>
> 5. పాలసీకి ముందు, 2022 ఫిబ్రవరిలో, కంటి శుక్లాల ఆపరేషన్‌కి ముందు చేసిన పరీక్షలో నా బీపీ 126/80. మందులు ఏవీ లేవని రాసి ఉంది (కాగితం 4). ఈ ఆపరేషన్ సంగతి నేను ప్రపోజల్ ఫారంలో తెలియజేశాను (కాగితం 5).
>
> 6. 09-07-2022కి ముందు నాకు బీపీ ఉన్నట్టు చూపే చీటీ గానీ, రిపోర్టు గానీ మీ దగ్గర ఉంటే దాని ప్రతిని, క్లెయిమ్స్ రివ్యూ కమిటీ ఈ తిరస్కరణను ఆమోదించిన వివరాన్ని ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

ఇందులో రెండు చోట్ల కాస్త ఆగాలి. మూడో పేరాలో సవరించిన డిశ్చార్జ్ సమ్మరీ కాకుండా డాక్టర్ వివరణ జతచేశారు. పాత సమ్మరీని తీసేసి ‘ఆరు నెలలు’ అని కొత్తది టైపు చేయించి పంపితే, కంపెనీ దగ్గర రెండు సమ్మరీలు ఉంటాయి. రెండోది అతికించినట్టు కనిపిస్తుంది. పాత తప్పును అలాగే ఉంచి, అది ఎలా జరిగిందో, మొదటి పేజీలో ఏముందో చెప్పే వివరణకు విలువ ఎక్కువ.

ఆరో పేరాలోని క్లెయిమ్స్ రివ్యూ కమిటీ సంగతి 2024 మే 29 నాటి ఐఆర్‌డీఏఐ మాస్టర్ సర్క్యులర్‌లో ఉంది. ఆ కమిటీ ఆమోదం లేకుండా ఏ క్లెయిమ్‌నీ తిరస్కరించకూడదు. తిరస్కరిస్తే పాలసీలో ఏ షరతు కింద అన్నది చెప్పాలి. ఆమోదం చూపకపోయినంత మాత్రాన డబ్బు వచ్చేయదు గానీ, ఫైలు మళ్లీ ఒకసారి తెరుచుకుంటుంది.

ఇదే ఉత్తరం నిలబడని చోట్లు

పై ఉత్తరంలో అన్నిటికంటే బరువైన కాగితం ఐదో పేరాలోది. పాలసీకి ముందు రాసినది, వేరే పని మీద రాసినది, వేరే ఆస్పత్రి రాసినది. అలాంటి కాగితం చాలామంది దగ్గర ఉండదు. మన ఊళ్లలో బీపీ మొదట చూసేది ఆర్‌ఎంపీ. చీటీ ఉండదు, నోటిమాటే. ఉన్నా, పాలసీ చెప్పే ‘వైద్యుడు’ అంటే మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్టరైన డాక్టర్ కాబట్టి ఆ చీటీకి విలువ తక్కువ. అప్పుడు కేస్ షీట్ మొదటి పేజీ, కార్డియాలజిస్ట్ వివరణ మీదే ఆధారపడాలి. వాదన బలహీనపడుతుంది, పోదు.

నిజంగానే ఆరేళ్లుగా బీపీ మాత్రలు వేసుకుంటున్న మనిషి సంగతి వేరు. ఆయన ‘ఆరు నెలలు’ అని సర్టిఫికెట్ తెచ్చుకుంటే, పరిశోధకుడు మెడికల్ షాపు బిల్లుల దగ్గరికి వెళితే చాలు, అంతా తేలిపోతుంది. దాచడం కాస్తా మోసం అవుతుంది. ఈ తేడా పెద్దది. ఎందుకంటే పాలసీ 60 నెలలు ఆగకుండా నడిస్తే, ఆ తర్వాత విషయం దాచారన్న కారణంతో క్లెయిమ్‌ని ప్రశ్నించకూడదు. దీన్నే మారటోరియం అంటారు. 2024కి ముందు ఇది 96 నెలలు. ఈ రక్షణకు ఒక ముఖ్యమైన మినహాయింపు ఉంది: రుజువైన మోసం. మన వ్యాపారి పాలసీ వయసు 28 నెలలే కాబట్టి ఆయనకి ఈ రక్షణ లేదు. ఇదే మనిషి 2019 జనవరి నుంచి గడువు దాటకుండా పాలసీ నడుపుతూ ఉండి ఉంటే, ఉత్తరంలో 6/12 గొడవ అక్కర్లేదు. మారటోరియం క్లాజు, రెన్యువల్ రసీదులు సరిపోయేవి.

ఉత్తరం వెళ్లాక

కంపెనీ రెండు వారాల్లో జవాబివ్వాలి. జవాబు మూడు రకాలుగా రావొచ్చు. క్లెయిమ్ ఒప్పుకుని, గ్లవ్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లాంటి పాలసీలో రానివి కోసి మిగతాది పంపొచ్చు. ఇంకా కాగితాలు అడగొచ్చు. లేదా మొదటి లేఖలోని వాక్యాలే తిరగరాసి పంపొచ్చు. మూడో రకం వస్తే, అది ఐదు కాగితాల్లో దేనికీ జవాబు చెప్పలేదన్న విషయం ఫైల్లో నమోదైపోతుంది.

ఐఆర్‌డీఏఐ నడిపే బీమా భరోసా పోర్టల్‌లో (bimabharosa.irdai.gov.in) కూడా ఫిర్యాదు పెట్టొచ్చు, కానీ అది ఫిర్యాదును కంపెనీకి పంపి, జవాబు వచ్చేలా చూసే చోటు. తీర్పు చెప్పేది ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్. ముందు కంపెనీకి రాతపూర్వకంగా రాసి, అక్కడ తిరస్కరణో, నెల రోజుల మౌనమో, తృప్తి లేని జవాబో ఎదురైతేనే అంబుడ్స్‌మన్ ఫిర్యాదు తీసుకుంటారు. అందుకే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాసిన ఉత్తరం, అది అందిన రుజువు లేకపోతే ఆ తలుపు తెరుచుకోదు. కంపెనీ జవాబు వచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి. 50 లక్షల దాకా వివాదాలు చూస్తారు. ఫీజు లేదు, లాయర్ని అనుమతించరు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతో పాటు మన డెల్టాలోనే ఉన్న యానాం కూడా హైదరాబాద్ ఆఫీసు కిందికే వస్తుంది. అక్కడ వ్యాపారి చేతిలో ఉండేవి ఆ ఉత్తరం, ఆ ఐదు కాగితాలే. 6/12 అని రాసిన పేజీ మొదట పైకి వస్తుంది.